ధర కదలకముందే ఎవరైనా కొంటున్నారా? ఓబీవీ డైవర్జెన్స్‌ను లెక్కకట్టి తేల్చుకునే పద్ధతి

రోజుకు సగటున 4 లక్షల షేర్లు చేతులు మారే ఒక మధ్య తరహా షేరు ఉందనుకుందాం. ఒక ఫండ్‌కు అందులో 40 లక్షల షేర్లు కావాలి. ఒకేసారి కొంటే ధర అప్పర్ సర్క్యూట్‌కు పోతుంది, మిగతా సరుకు ఖరీదైపోతుంది. అందుకే రోజూ కొంచెం కొంచెంగా, అమ్మేవాళ్లు వచ్చినంత మేరకే తీసుకుంటారు. ధర ఒక గదిలో కట్టేసినట్టు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. బయటినుంచి చూస్తే ఏమీ జరగడం లేదు. కానీ వాల్యూమ్‌ను దాచడం కుదరదు, ప్రతి షేరూ లెక్కలోకి వస్తుంది.

ఆ లెక్కను చదవడానికి వాడే అతి సాదా సాధనం ఆన్ బ్యాలెన్స్ వాల్యూమ్, ముద్దుగా ఓబీవీ. 1963లో అమెరికన్ మార్కెట్ విశ్లేషకుడు జోసెఫ్ గ్రాన్విల్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. సూత్రం ఒక్క వాక్యమే: క్లోజ్ నిన్నటికంటే పైన ఉంటే ఈరోజు వాల్యూమ్ మొత్తం కలపాలి, కింద ఉంటే మొత్తం తీసేయాలి, సమానంగా ఉంటే ఏమీ చేయకూడదు. ధర పాత రేంజ్‌లోనే ఉండగా ఓబీవీ మాత్రం తన పాత గరిష్ఠాలను దాటి పైకి పోతుంటే దాన్ని డైవర్జెన్స్ అంటాం.

చార్టు మీద ఇలాంటి గీతలు వారానికి పది కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగానికి అర్థం లేదు. నిజమైనదాన్ని ఉత్తదాన్నుంచి వేరుచేయడానికి కంటిచూపు చాలదు, రెండు మూడు లెక్కలు వేయాలి. ఈ మార్గదర్శి ఆ లెక్కల గురించే, అదీ ఒకే ఒక్క సందర్భానికి: పడిపోయిన తర్వాత పక్కవాటుగా నడుస్తున్న షేరులో, డైలీ డేటా మీద.

ముందు ఓబీవీకి ఏం కనపడదో తెలుసుకోండి

పెద్ద కొనుగోలుదారు మొదట్లో కొనేది పడే రోజుల్లోనే. భయపడి అమ్మేవాళ్ల సరుకంతా కింద నిలబడి తీసుకుంటాడు. ఆ రోజు క్లోజ్ కిందే ఉంటుంది కాబట్టి ఓబీవీ ఆ కొనుగోలును మైనస్‌గా రాస్తుంది. అంటే సేకరణ తొలిదశ దీనికి అసలు కనపడదు, తిరగేసి కనపడుతుంది కూడా.

ఓబీవీ పట్టుకోగలిగేది రెండో దశను. అప్పటికి తొందరపడి అమ్మాల్సినవాళ్లు అమ్మేసి వెళ్లిపోయి ఉంటారు. ధర దిగిన రోజున వాల్యూమ్ పల్చబడుతుంది, ఎందుకంటే అమ్మడానికి సరుకు రావడం లేదు. ధర రూపాయో రెండో పెరిగిన రోజున వాల్యూమ్ ఉబ్బుతుంది, ఎందుకంటే కొనేవాడు కొంచెం పైకి చేయిచాస్తేనే దొరుకుతోంది. ఈ తేడాయే రోజురోజుకూ పేరుకుని గీతను పైకి లేపుతుంది. కాబట్టి డైవర్జెన్స్ కనిపించిందంటే సేకరణ ఇప్పుడే మొదలైందని కాదు, చివరి అంకంలో ఉండవచ్చని.

డేటా తయారీ

ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్‌లో ఒక్కో షేరుకు ధర, వాల్యూమ్, డెలివరీ మూడూ కలిసి ఉండే చారిత్రక డేటా దొరుకుతుంది. అందులో `EQ` సిరీస్ వరుసలే తీసుకోండి. బ్లాక్ డీల్ విండోలో జరిగినవి `BL` సిరీస్‌లో వేరుగా ఉంటాయి. అవి ముందే మాట్లాడుకున్న ఇచ్చిపుచ్చుకోళ్లు, వాటిని ఓబీవీలో కలపకూడదు.

క్లోజ్ ధరనే వాడండి, చివరి ట్రేడ్ ధరను కాదు. ఎన్‌ఎస్‌ఈలో చాలా ఏళ్లుగా క్లోజ్ అంటే చివరి అరగంట ట్రేడ్ల సగటు. రెంటికీ మధ్య తేడా 30 పైసలే కావచ్చు. కానీ నిన్నటి క్లోజ్‌కు ఆనుకుని ఉన్న రోజున ఆ 30 పైసలే ప్లస్‌ను మైనస్ చేస్తాయి, 5 లక్షల షేర్లు ఇటునుంచి అటు మారిపోతాయి. ఒకే షేరుకు రెండు యాప్‌లలో ఓబీవీ గీత వేరువేరుగా కనిపించడానికి ఇదొక కారణం.

ఆ వ్యవధిలో బోనస్ లేదా స్ప్లిట్ ఉంటే ధరతోపాటు పాత వాల్యూమ్‌ను కూడా సరిచేయాలి. ముఖవిలువ 10 నుంచి 2కు మారితే పాత ధరను 5తో భాగించి, పాత వాల్యూమ్‌ను 5తో గుణించాలి. ఇది మరిచిపోతే స్ప్లిట్ తర్వాతి రోజులు ఐదింతలు బరువెక్కి, లేని సేకరణ కనిపించవచ్చు.

షీట్‌లో A కాలమ్‌లో తేదీ, B లో క్లోజ్, C లో వాల్యూమ్ పెట్టండి. రెండో వరుస బేస్, అంటే ధర పక్కవాటుగా నడిచే కాలం, మొదలవడానికి ముందురోజు; అక్కడ `E2` లో 0 రాయండి. మూడో వరుస నుంచి:

```
D3:  =SIGN(B3-B2)
E3:  =E2+D3*C3
```

ఈ రెంటినీ కిందికి లాగితే E కాలమే ఓబీవీ. దాని అసలు అంకెకు విలువ లేదు. అది ఎక్కడ మొదలుపెట్టారన్నదాన్ని బట్టి మారుతుంది. చూడాల్సింది బేస్ మొదటి రోజునుంచి చివరి రోజు వరకు వచ్చిన మార్పు మాత్రమే.

పది రోజులు దగ్గరగా చూద్దాం

ఇవి అర్థం కావడానికి కల్పించిన అంకెలు, ఏ షేరువీ కావు. ముందురోజు క్లోజ్ 186.00. వాల్యూమ్, ఓబీవీ లక్షల్లో.

| రోజు | క్లోజ్ | వాల్యూమ్ | ఓబీవీ |
|---|---|---|---|
| 1 | 188.40 | 4.2 | 4.2 |
| 2 | 187.10 | 2.1 | 2.1 |
| 3 | 185.50 | 1.9 | 0.2 |
| 4 | 189.00 | 5.6 | 5.8 |
| 5 | 188.20 | 2.4 | 3.4 |
| 6 | 188.20 | 2.0 | 3.4 |
| 7 | 186.30 | 2.2 | 1.2 |
| 8 | 187.90 | 4.8 | 6.0 |
| 9 | 186.70 | 1.8 | 4.2 |
| 10 | 186.40 | 1.7 | 2.5 |

ధర పది రోజుల్లో 40 పైసలు కదిలింది. దిగిన రోజులు ఆరు, ఎక్కినవి మూడే. అయినా ఓబీవీ 2.5 లక్షలు పెరిగింది. ఎక్కిన రోజుల సగటు వాల్యూమ్ 4.9 లక్షలు, దిగిన రోజుల సగటు 2 లక్షలు. మనం వెతికే ఆకారం అచ్చంగా ఇదే.

ఇప్పుడు నాలుగో రోజును చేత్తో మూసి చూడండి. ఆ 5.6 లక్షలు పోతే ఓబీవీ మైనస్ 3.1 లక్షలు అవుతుంది. మొత్తం కథ ఒక్క రోజు మీద నిలబడింది. అందుకే పది రోజుల డైవర్జెన్స్‌ను నమ్మకూడదు. కనీసం 50, 60 సెషన్ల బేస్ కావాలి, అంటే దాదాపు మూడు నెలలు.

మొదటి లెక్క: నాణెం ఎగరేసినా ఇంత వచ్చేదా?

చాలామంది వదిలేసేది ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. రోజూ నాణెం ఎగరేసి బొమ్మ పడితే వాల్యూమ్ కలిపి, బొరుసు పడితే తీసేస్తూ పోయినా 60 రోజుల్లో ఓబీవీ సున్నా దగ్గర ఆగదు. ఎటో ఒకవైపు కొట్టుకుపోతుంది. ఎంత దూరం పోవడం మామూలో తెలిస్తేనే మన షేరులో వచ్చిన పెరుగుదల మామూలుదా కాదా తెలుస్తుంది. ఆ మామూలు దూరాన్ని ఇలా కొలవచ్చు:

```
నికర మార్పు:    =SUMPRODUCT(D3:D62,C3:C62)
మామూలు దూరం:  =SQRT(SUMSQ(C3:C62))
```

మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. పై పది రోజుల పట్టికలో నికర మార్పు 2.5, మామూలు దూరం 10 వస్తాయి. నిష్పత్తి 0.25. చూడటానికి అంత ముచ్చటగా ఉన్న ఆ పట్టిక నిజానికి ఏమీ చెప్పడం లేదన్నమాట.

అదే షేరును 60 సెషన్లకు సాగదీద్దాం. 260 నుంచి పడి వచ్చి, 178 నుంచి 198 మధ్య తిరుగుతోంది. ఎక్కిన 27 రోజుల్లో 142 లక్షలు, దిగిన 29 రోజుల్లో 76 లక్షలు, మారని 4 రోజుల్లో 10 లక్షల షేర్లు ట్రేడ్ అయ్యాయి. నికర మార్పు 66 లక్షలు. మామూలు దూరం 35 లక్షలు వచ్చిందనుకుంటే నిష్పత్తి దాదాపు 1.9. ఇది పట్టించుకోదగ్గది. నిష్పత్తి 1.5 కంటే తక్కువైతే ఆ షేరును పక్కన పెట్టేయడమే మంచిది.

ఒక హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోవాలి. మీరు స్క్రీనర్‌తో 500 షేర్లను జల్లెడ పడితే, ఎవరూ ఏమీ సేకరించకపోయినా కేవలం కాకతాళీయంగా ముప్పైకి పైగా షేర్లు 1.5 దాటతాయి, పది పన్నెండు 2 కూడా దాటతాయి. అందుకే ఈ లెక్క దాటిన షేరు కొనాల్సిన షేరు కాదు, తర్వాతి లెక్కకు అర్హత పొందిన షేరు.

రెండో లెక్క: పెద్ద రోజులు తీసేసి చూడడం

ఎక్కిన రోజుల్లో అతి పెద్ద వాల్యూమ్ ఉన్న రెండు రోజులను తీసేయండి. మన ఉదాహరణలో అవి 14, 11 లక్షలు అనుకుందాం. 66లోంచి 25 పోతే 41 లక్షలు మిగులుతాయి. గీత ఇంకా పైకే ఉంది, అంటే బరువు చాలా రోజుల మీద పరుచుకుని ఉంది.

ఇంకో షేరులో నికర మార్పు 70 లక్షలున్నా, అందులో ఒక్క రోజే 80 లక్షలైతే అది డైవర్జెన్స్ కాదు, మెట్టు. చార్టు మీద కూడా తేడా తెలిసిపోతుంది: నిజమైన సేకరణలో ఓబీవీ మేడమెట్లలా చిన్నచిన్నగా ఎక్కుతుంది, ఉత్తదానిలో ఒక్క నిలువు గోడ కట్టి తర్వాత చదునుగా పడి ఉంటుంది.

ఆ గోడ ఎందుకొచ్చిందో వెతకండి. ఆరోజు బల్క్ డీల్స్ జాబితాలో ఒకవైపు ఒక ఫండ్, మరోవైపు ఇంకో ఫండ్ ఉంటే సరుకు చేతులు మారిందంతే. సూచీల్లో షేర్లను చేర్చడం, తీసేయడం అమల్లోకి వచ్చే రోజుల్లో కూడా ఇండెక్స్ ఫండ్లు నియమం ప్రకారం కొంటాయి, వాటికి ఆ షేరు మీద అభిప్రాయమేమీ ఉండదు. త్రైమాసిక ఫలితాల మర్నాడు వచ్చే వాల్యూమ్ అందరికీ తెలిసిన వార్త మీద వచ్చినది, దాన్ని గుట్టుగా జరిగిన కొనుగోలు అనలేం.

మూడో లెక్క: డెలివరీ

మొత్తం వాల్యూమ్‌లో ఆరోజే కొని ఆరోజే అమ్మేసినది కూడా ఉంటుంది. సేకరించేవాడు షేర్లను డీమ్యాట్‌లోకి తీసుకుంటాడు కాబట్టి అతని జాడ డెలివరీలో ఉండాలి. ఎన్‌ఎస్‌ఈ రోజూ ఇచ్చే ధరల ఫైలైన పూర్తి భావ్‌కాపీలో `DELIV_QTY`, `DELIV_PER` అనే కాలమ్‌లు ఇందుకే.

C కాలమ్‌లో వాల్యూమ్ బదులు డెలివరీ పరిమాణం పెట్టి అదే ఓబీవీ మళ్లీ వేయండి. మన షేరులో ఎక్కిన రోజుల డెలివరీ 58 శాతం, దిగిన రోజుల డెలివరీ 41 శాతం అనుకుందాం. అప్పుడు 142లో సుమారు 82 లక్షలు, 76లో సుమారు 31 లక్షలు డెలివరీ. నికరం 51 లక్షలు. మామూలు ఓబీవీలో ఎక్కిన రోజుల బరువు దిగిన రోజులకు రెట్టింపు కంటే కొంచెం తక్కువ, డెలివరీలో రెండున్నర రెట్ల కంటే ఎక్కువ. ఇలా తేడా పెరిగితే బలం. వాల్యూమ్ ఓబీవీ ఎక్కుతూ డెలివరీ ఓబీవీ చదునుగా ఉంటే అది డే ట్రేడర్ల సందడి మాత్రమే.

డెలివరీ కూడా రెండు చోట్ల తప్పుదోవ పట్టిస్తుంది. ట్రేడ్ టు ట్రేడ్ విభాగంలో, అంటే `BE` సిరీస్‌లో, ఇంట్రాడే కుదరదు కాబట్టి డెలివరీ ఎప్పుడూ నూటికి నూరే. అక్కడ ఈ లెక్కకు అర్థం లేదు. ఇక ఫ్యూచర్స్ ఉన్న షేర్లలో ఆర్బిట్రేజ్ ఫండ్లు నగదు మార్కెట్‌లో డెలివరీకి కొని, అంతే మొత్తాన్ని ఫ్యూచర్స్‌లో అమ్ముతాయి. వాటికి కావాల్సింది రెండు ధరల మధ్య తేడా మాత్రమే, షేరు పెరిగినా తగ్గినా ఒకటే. డెలివరీ పెరిగిన రోజుల్లోనే ఫ్యూచర్స్ ఓపెన్ ఇంటరెస్ట్, అంటే ఇంకా ముగియని ఒప్పందాల మొత్తం, కూడా దాదాపు అంతే పెరిగిందంటే మీరు చూస్తున్నది ఇదే కావచ్చు. ఈ చిక్కు వల్ల ఈ పద్ధతి ఫ్యూచర్స్ లేని షేర్లలోనే తేటగా పనిచేస్తుందని నా అభిప్రాయం.

నాలుగోది: షేరుదా, రంగానిదా?

అదే రంగంలోని మరో నాలుగు షేర్లకు అవే 60 సెషన్ల నిష్పత్తి వేయండి. అన్నిటికీ 1.5 పైన వస్తే డబ్బు రంగంలోకి వస్తోంది, మీ షేరులో ప్రత్యేకంగా ఎవరూ లేకపోవచ్చు. అది చెడ్డ విషయమేమీ కాదు, కానీ రంగం చల్లబడితే ఈ షేరూ చల్లబడుతుంది. మీ షేరుకు 1.9 వచ్చి మిగతావి సున్నాకు అటూఇటూ ఉంటే జాడ ఆ షేరులోనే ఉంది.

బేస్ మధ్యలో త్రైమాసికం ముగిసి ఉంటే మరో మంచి అవకాశం దొరుకుతుంది. త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లోగా కంపెనీలు వాటాదారుల వివరాలు ఇవ్వాలి. అందులో ఒక శాతం, అంతకుమించి వాటా ఉన్న పబ్లిక్ వాటాదారుల పేర్లు ఉంటాయి. పాత పట్టికతో పక్కపక్కన పెట్టి చూడండి. కొత్త ఫండ్ పేరు వచ్చి, చిన్న మదుపరుల మొత్తం వాటా తగ్గి ఉంటే ఓబీవీ చెప్పినదానికి కాగితం మీద సాక్ష్యం దొరికినట్టే. ప్రమోటర్ల తాకట్టు షేర్లు పెరిగి ఉంటే మాత్రం అక్కడితో ఆపేయండి.

ఏఎస్‌ఎం, జీఎస్‌ఎం నిఘా జాబితాల్లో ఉన్న షేర్లలో, రోజుకు కొన్ని వేల షేర్లే ట్రేడ్ అయ్యే చోట ఈ లెక్కలేవీ వేయొద్దు. నలుగురు ఆపరేటర్లు తమలో తామే కొని అమ్ముకుంటూ ఎక్కిన రోజుల్లో వాల్యూమ్ పెంచి చూపించగలరు. అలాంటి షేరులో ఓబీవీ ఎంతో అందంగా ఉంటుంది, మిమ్మల్ని పిలవడానికే అలా గీస్తారు.

కొనడం ఎప్పుడు, ఎంత, ఎప్పుడు వదిలేయాలి

డైవర్జెన్స్ సమయం చెప్పదు. అన్ని లెక్కలూ దాటిన షేరు ఇంకో నాలుగు నెలలు అక్కడే కూర్చోవచ్చు. అందుకే రేంజ్ లోపల కొనకుండా, 198 పైన క్లోజ్ అయ్యేదాకా ఆగండి. ఆరోజు వాల్యూమ్ 60 రోజుల సగటుకు కనీసం రెట్టింపు ఉండాలి. మన షేరు సగటు 3.8 లక్షలు, కాబట్టి 7.6 లక్షలు. పల్చని వాల్యూమ్‌తో దాటితే మర్నాడే మళ్లీ లోపలికి జారడం ఎక్కువ.

మర్నాడు 200 దగ్గర కొని, 188 దగ్గర స్టాప్‌లాస్ పెట్టారనుకుందాం. 188 అంటే రేంజ్‌కు సరిగ్గా నడిమధ్య. బ్రేకౌట్ తర్వాత ధర మళ్లీ అక్కడికి వచ్చిందంటే కొనేవాడు తప్పుకున్నాడనే అనుకోవాలి. ఒక్కో షేరు మీద రిస్క్ 12 రూపాయలు. మొత్తం పెట్టుబడి 5 లక్షలై, ఒక్క ట్రేడ్ మీద ఒక శాతం, అంటే 5,000 కంటే ఎక్కువ పోగొట్టుకోకూడదనుకుంటే 5,000ను 12తో భాగించాలి. 416 షేర్లు, 83,200 రూపాయలు. రాత్రికి రాత్రి చెడువార్త వచ్చి ధర స్టాప్‌లాస్ కిందే తెరుచుకుంటే నష్టం ఇంతకంటే పెరుగుతుంది, అందుకే ఒక శాతం దాటొద్దు.

బ్రేకౌట్ కోసం ఎదురుచూసేటప్పుడు వారానికి ఒకసారి, శనివారం కూర్చుని, షీట్‌లో కొత్త వరుసలు కలిపి చివరి 60 సెషన్లకు నిష్పత్తి మళ్లీ వేయండి. అది ఒకటి కిందికి దిగినా, ఓబీవీ బేస్‌లోని తన చివరి లోయకంటే కిందికి పోయినా షేరును జాబితాలోంచి తీసేయండి. ఏదీ జరగకుండా 40 సెషన్లు గడిచిపోయినా తీసేయండి. తీసేసిన తేదీ, అప్పటి నిష్పత్తి, క్లోజ్ ధర పక్కనే రాసి ఉంచండి. ఆరు నెలల తర్వాత ఆ వరుసలు, మీరు కొన్నవాటి వరుసలు పక్కపక్కన పెడితే, మీరు చూసే షేర్లలో 1.5 గీత సరిపోతుందో, 2కు జరపాలో అందులోనే కనిపిస్తుంది.